పై అధికారి పుట్టినరోజున నాలుగు మాటలు

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఎవరో ఒకరు ‘హ్యాపీ బర్త్‌డే సార్’ అని పెడతారు. అరగంట తిరిగేసరికి అదే మాట గ్రూపంతా నిండిపోతుంది. కొందరు పూలగుత్తి బొమ్మ జోడిస్తారు, కొందరు కేకు బొమ్మ. సాయంత్రం సార్ ‘థాంక్యూ ఆల్’ అంటారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ సార్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, ఆయన మీద నిజమైన గౌరవం ఉన్నవాళ్లు ఇంకొంచెం చెప్పాలనుకుని ఫోను పట్టుకుని ఆగిపోతారు. ఏం రాస్తే కాకా పట్టినట్టుంటుందో, ఏం రాస్తే చనువు తీసుకున్నట్టుంటుందో తేలక చివరికి వాళ్లూ అందరిలాగే ఆ ఒక్క మాటే పెట్టేస్తారు.

ఇలా ఆగిపోయిన మాటలు చాలా ఆఫీసుల్లో ఉంటాయి. కింద పనిచేసేవాళ్లు పై అధికారికి మనసులో ఉన్నది చెప్పగలిగే రోజులు ఏడాదిలో ఎన్నో ఉండవు. బదిలీ అయితేనో, పదవీ విరమణ సభలోనో చెబుతారు. అప్పటికి ఆ మనిషి ఆ కుర్చీలోంచి లేచిపోతుంటారు. మధ్యలో వచ్చేది పుట్టినరోజే. అందుకే ఆ నాలుగు మాటలు ఎలా కుదురుతాయో ఓపిగ్గా చూడాలనిపించింది.

ఒక చిన్న పట్టణంలో బ్యాంకు శాఖ ఉందనుకుందాం. మేనేజర్ యాభై దాటిన మేడమ్. శుభాకాంక్షలు రాయబోయేది ఇరవై ఏడేళ్ల కుర్రవాడు, ఆఫీసరుగా చేరి ఎనిమిది నెలలైంది. మేడమ్ పుట్టినరోజు ఏప్రిల్ నెలలో వచ్చింది. అంతకు ముందు మార్చి 31న, ఆర్థిక సంవత్సరం ముగిసే రోజున, రద్దీ వల్ల అతన్ని క్యాష్ కౌంటర్లో కూర్చోబెట్టారు. సాయంత్రం లెక్క చూస్తే కంప్యూటర్ చూపిస్తున్న నగదు కంటే చేతిలో ఉన్నది 1,800 రూపాయలు తక్కువ. నోట్లు మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు, చేతులు వణికాయి. మేడమ్ వచ్చి పక్కన నిలబడి, ‘తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతోంది. అంకెలు తారుమారై ఉండొచ్చు, వోచర్లు తీయండి’ అన్నారు. తీస్తే, ఒక ఖాతాదారు కట్టిన 4,600ను అతను 6,400గా ఎక్కించినట్టు బయటపడింది. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది. లెక్కల్లో పండినవాళ్లు మొదట చూసేది అదే. సరిచేశారు, ఇంటికి వెళ్లారు. మిగతా సిబ్బంది ముందు ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు ఆ కుర్రవాడు శుభాకాంక్షలు రాయాలి. మొదట ఎవరో పంపిన ఫార్వర్డు లోంచి కొంత తీసుకుని ఇలా రాశాడనుకోండి: ‘మా బ్రాంచికి అమ్మలాంటి మేడమ్ గారికి జన్మదిన శుభాకాంక్షలు. మీలాంటి బాస్ ప్రపంచంలో ఎవరికీ దొరకరు. మీరు నిండు నూరేళ్లు పిల్లాపాపలతో చల్లగా ఉండాలని ఆశీర్వదిస్తున్నాను.’ చివర ఎర్రటి గుండె బొమ్మ.

అతని మనసు మంచిదే. కానీ ఈ మూడు వాక్యాల్లో నాలుగు చోట్ల కాలు జారింది. ఏడాదంతా ‘మేడమ్’ అని పిలిచిన మనిషిని పుట్టినరోజున హఠాత్తుగా అమ్మను చేశాడు. అది ఆమెకు గౌరవంగా అనిపించకపోవచ్చు. తన హోదానూ అనుభవాన్నీ పక్కనపెట్టి వయసును గుర్తుచేసినట్టుగా తోచవచ్చు. రెండోది, ‘ప్రపంచంలో ఎవరికీ దొరకరు’ అన్న మాట. ఇది ఎవరికైనా అనవచ్చు కాబట్టి ఆమెకు చెందదు. పైగా ఏడాది చివర పనితీరు నివేదికలో అతనికి మార్కులు వేసేది ఆమే గనక, ఆ మాట వెనక వేరే ఉద్దేశం ఉందేమోనన్న అనుమానం తనకు ఇష్టం లేకపోయినా ఆమెకు రావచ్చు. మూడోది పిల్లాపాపలు. ఆమె కుటుంబం గురించి అతనికి తెలిసింది ఎంత? పిల్లలు లేనివాళ్లకు, పిల్లలతో మాటలు లేనివాళ్లకు, ఒంటరిగా ఉంటున్నవాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో రాసేవాడికి తెలియదు.

నాలుగోది ఆశీర్వాదం. దీవెన మనలో పెద్దల నోటి నుంచి చిన్నవాళ్ల మీదికి వస్తుంది. అక్షింతలు వేసేది పెద్దవాళ్లు, తల వంచేది చిన్నవాళ్లు. ఇరవై ఏడేళ్లవాడు యాభై దాటిన ఆమెను ఆశీర్వదించడం చదివేవారికి చప్పున ఎబ్బెట్టుగా తోస్తుంది. ఎందుకో వెంటనే చెప్పలేకపోయినా చెవికి తెలిసిపోతుంది. అదే వాక్యం ‘కోరుకుంటున్నాను’ అనో, ‘ఆకాంక్షిస్తున్నాను’ అనో ముగిస్తే దీవెన కాస్తా కోరికగా మారి సరైన చోట నిలబడుతుంది. చివరి క్రియ ఒక్కటీ మారితే చాలు. ఈ తేడా తెలియక ‘మా ఆశీస్సులు మీకెప్పుడూ ఉంటాయి సార్’ అని పెద్ద అధికారులకు పంపేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

గుండె బొమ్మ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అధికారికి రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి చాలు, అది కూడా లేకపోయినా లోటు లేదు.

ఈ తప్పులన్నీ ఎవరో చెప్పగా భయపడి, అతను మొత్తం చెరిపేసి ‘జన్మదిన శుభాకాంక్షలు మేడమ్’ అని మాత్రమే రాశాడనుకుందాం. ఇది క్షేమం. ఎవరూ తప్పు పట్టరు. గ్రూపులో అందరితో పాటు పెట్టడానికి ఇదే సరైన వాక్యం కూడా. కానీ మార్చి 31 సాయంత్రం అతని పక్కన నిలబడ్డ మనిషికి అతను చెప్పాలనుకున్నది ఇందులో లేదు. ఆ ఒక్క సంగతినే మాటల్లో పెట్టాలి. వేరుగా, ఆమెకు మాత్రమే వెళ్లేలా, ఇలా రాయవచ్చు:

‘మేడమ్, నమస్తే. పుట్టినరోజు శుభాకాంక్షలు. మార్చి 31న కౌంటర్లో తేడా వచ్చినప్పుడు, తొమ్మిదితో పోతుందేమో చూడమని మీరు చూపిన పద్ధతి ఆ తర్వాత కూడా నాకు పనికొచ్చింది. ఆ రోజు మీరు ఓపిగ్గా చెప్పిన తీరు గుర్తుంది. ఈ ఏడాది మీకు ఆరోగ్యంగా, ప్రశాంతంగా గడవాలని కోరుకుంటున్నాను.’

ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు. మీరు గొప్పవారు అనలేదు, మీవంటివారు లేరు అనలేదు. జరిగింది చెప్పాడు, దానివల్ల తనకేం మిగిలిందో చెప్పాడు. ఆ వాక్యాన్ని ఇంకెవరికీ పంపడానికి వీల్లేదు. అది ఆమెకే చెందుతుంది. ఆత్మీయత వచ్చింది అందువల్లే. మరి చనువు ఎందుకు కాలేదంటే, ఆ సంగతి వాళ్లిద్దరూ కలిసి చేసిన పనికి సంబంధించినది. ఆఫీసు గుమ్మం దాటి ఆమె ఇంట్లోకి, ఒంట్లోకి, వయసులోకి అతను అడుగు పెట్టలేదు. పై అధికారితో మనం నిజంగా పంచుకున్న చోటు ఆ పనే. అక్కడి నుంచి ఎంత వెచ్చగా మాట్లాడినా హద్దు దాటదు.

ఇందులో ఇంకో చిన్న జాగ్రత్త ఉంది. ‘మీరు చెప్పింది రోజూ పాటిస్తున్నాను’ అని రాయలేదు. రోజూ తేడాలు రావు, ఆ సంగతి మేడమ్‌కూ తెలుసు. నిజం ఎంతో అంతే చెప్పాడు గనక మిగతా మాటలు కూడా నమ్మబుద్ధేస్తాయి. అలాగే 1,800 అన్న అంకె కూడా రాయలేదు. అక్కర్లేదు, ఆమెకు గుర్తుంటుంది. ఇక ఈ వాక్యాలను గ్రూపులో పెట్టకూడదు. పెడితే శాఖలో నగదు తేడా వచ్చిన సంగతి అందరికీ చాటినట్టవుతుంది. పైగా తనకు మేడమ్ దగ్గర ఎంత చనువుందో నలుగురికీ చూపించుకున్నట్టు మిగతావాళ్లకు తోస్తుంది. ఆత్మీయంగా చెప్పే మాట ఒక్కరికే వెళ్లాలి, గ్రూపులో చెప్పేది అందరిలాగే పొట్టిగా ఉండాలి. రెండూ చేయవచ్చు.

అలాంటి సంఘటన ఏదీ లేకపోతే? కొత్తగా చేరి నెల రోజులే అయితే, అధికారి వేరే ఊళ్లో కూర్చుని ఫోన్లోనే పలికితే? అప్పుడు లేని అనుబంధాన్ని కల్పించాల్సిన పని లేదు. ‘సార్, పుట్టినరోజు శుభాకాంక్షలు. ఈ ఏడాది మీకు అన్ని విధాలా బాగుండాలని కోరుకుంటున్నాను’ అంటే సరిపోతుంది. ఉన్న దగ్గరితనానికి తగ్గ మాట ఎప్పుడూ చిన్నబుచ్చదు.

పిలుపు గురించి కొంచెం చెప్పాలి. మన ఆఫీసుల్లో పిలుపులు రకరకాలు. ప్రభుత్వ కార్యాలయాల్లో సార్, మేడమ్. కొన్నిచోట్ల పేరు చివర గారు. తెలంగాణలో బాగా అలవాటైన పైవాళ్లను అన్నా, అక్కా అనడం ఉంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మేనేజరునైనా ఉత్త పేరుతో పిలుస్తారు. వీటిలో ఏది గొప్పదీ కాదు, ఏది తక్కువదీ కాదు. ఎదురుగా ఉన్నప్పుడు ఏమని పిలుస్తున్నామో కాగితం మీద కూడా అదే ఉండాలి. రోజూ పేరు పెట్టి పిలిచే మేనేజరుకు పుట్టినరోజున ‘గౌరవనీయులైన’ అంటూ మొదలుపెడితే ఆయనకు అర్జీ అందుకున్నట్టుంటుంది. రోజూ సార్ అనే మనిషిని ఆ ఒక్కరోజు అన్నా అంటే, ఆ చనువు రేపటికి ఉంటుందో లేదో ఇద్దరికీ ఇబ్బందే. పేరు పెట్టి పిలిచే చోట కూడా తెలుగులో రాస్తే క్రియ ‘మీరు’కు తగ్గట్టే ఉండాలి. ఇంగ్లీషు సంభాషణలో కనిపించని ఏకవచనం తెలుగులోకి వచ్చేసరికి బయటపడుతుంది.

అన్నింటికంటే చిక్కైన పరిస్థితి మరొకటి ఉంది. అధికారి చిన్నవారు, కింది ఉద్యోగి పెద్దవారు. గ్రూప్-1 రాసి నేరుగా వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ల అధికారిణి దగ్గర యాభై అయిదేళ్ల సీనియర్ అసిస్టెంట్ పనిచేస్తుంటారు. వయసు దీవించమంటుంది, హోదా నమస్కరించమంటుంది. ‘నా కూతురు వయసు అమ్మా నీది’ అన్నారంటే ఎంత ప్రేమగా అన్నా, ఆమె కష్టపడి సంపాదించుకున్న కుర్చీని పక్కకు జరిపినట్టే. ముఖ్యంగా ఇతర సిబ్బంది ముందు ఆ మాట అనకూడదు. మరీ అణిగిమణిగి ‘తమరి జన్మదినం సందర్భంగా’ అన్నా ఆ పెద్దాయన వయసుకు నప్పదు, ఆమెకూ ఇబ్బందే. మన భాషలో దీనికి చక్కని దారి ఉంది: ‘పుట్టినరోజు శుభాకాంక్షలు మేడమ్. చల్లగా ఉండండి.’ ‘చల్లగా ఉండు’ అనేది పెద్దల దీవెన. దాన్నే బహువచనంలో ‘ఉండండి’ అన్నప్పుడు అందులో వయసూ ఉంది, గౌరవమూ ఉంది. ఇరవై ఏడేళ్ల కుర్రవాడి నోట ఇదే మాట నప్పదు, ఈ పెద్దాయన నోట నిండుగా ఉంటుంది.

వయసు అంకె ఎత్తకపోవడమే మంచిది. ‘యాభై అయినా ముప్పైలా ఉన్నారు’ అనే మాట స్నేహితులకు చెల్లుతుంది గానీ అధికారికి కాదు. అది రూపం మీద వ్యాఖ్య. ప్రభుత్వోద్యోగాల్లో వయసుకు మరో బరువు కూడా ఉంది. పదవీ విరమణ వయసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో 62, తెలంగాణలో 61. అరవై వచ్చిన అధికారికి ఆ ఏటి పుట్టినరోజు ఎన్ని నెలలు మిగిలాయో లెక్కపెట్టుకునే రోజు కూడా. ‘ఇంకా ఎన్నో ఏళ్లు మమ్మల్ని నడిపించాలి’ అని రాస్తే ఆ మాట తప్పిపోతుంది. షష్టిపూర్తి గురించి వారే చెప్పి పిలిస్తే తప్ప మనం ఎత్తకూడదు. అది ఇంటి వేడుక.

తేదీ కూడా అనుకున్నంత తేలిక కాదు. కొంచెం వెనకటి తరంవాళ్లలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, సర్టిఫికెట్లో ఉన్నది మరొకటి. బడిలో చేర్పించినప్పుడు మాస్టారు తోచిన తేదీ వేసిన రోజులవి. జూన్‌లోనో జులైలోనో ఒకటో తేదీ పుట్టినట్టు రికార్డుల్లో ఉన్నవాళ్లు అందుకే అంతమంది. కంప్యూటరు ఆ తేదీనే పట్టుకుని శుభాకాంక్షలు పంపుతుంది. అసలు రోజును ఇంట్లో తిథి ప్రకారం ఎప్పుడో చేసుకుంటారు. రికార్డు తేదీన శుభాకాంక్షలు చెబితే కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరికి అది పట్టదు. వారితో చాలాకాలం పనిచేసిన సహోద్యోగిని ముందే ఒక మాట అడిగితే తెలిసిపోతుంది. ఆ అడగడంలోనే ఇంకో సంగతి కూడా తెలియవచ్చు. ఆ ఏడాది వారింట్లో తల్లో తండ్రో పోయి ఉంటే, ఏడాది తిరిగేదాకా పండుగలు, వేడుకలు చేసుకోని ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. అప్పుడు కేకు ఊసు, ఆనందోత్సాహాల ఊసు వద్దు. ‘ఈ ఏడాది మీకు మనశ్శాంతిగా గడవాలి’ అని నెమ్మదిగా చెబితే చాలు.

దేవుడి పేరు కూడా ఆలోచించే రాయాలి. అధికారి ఏ మతంవారో, ఎంత భక్తి ఉన్నవారో తెలియనప్పుడు ‘ఆ ఏడుకొండలవాడి దయతో’ అనడం కంటే ‘ఆయురారోగ్యాలతో’ అనడం అందరికీ సరిపోతుంది. నిజంగా ఇద్దరూ కలిసి శనివారాలు గుడికి వెళ్లే అలవాటు ఉంటే స్వామి పేరు ఎత్తడం సహజమే.

ఇక ఎదురుగా చెప్పే సందర్భం. గదిలోకి వెళ్లి నమస్కారం పెట్టి రెండు వాక్యాలు చెప్పి బయటకు రావడం అన్నింటికంటే అందమైన పద్ధతి అని నేననుకుంటాను. వేరే ఫైలు పని మీద వెళ్లి, పని అయ్యాక గుమ్మం దగ్గర ఆగి చెప్పకూడదు. అప్పుడది గుర్తొచ్చి చెప్పినట్టుంటుంది. ముందు ఆ మాట చెప్పి, ఆ రోజు సెలవు చీటీ మీద సంతకం అడగకుండా ఉంటే ఆ మాట మాటగానే మిగులుతుంది. కేకు కోసే చోట అధికారి నోట్లో కేకు పెట్టడానికి చేయి చాచడం, ముఖానికి క్రీము పూయడం ఇప్పుడు మామూలైపోయాయి. వారే కోసి అందరికీ పంచనివ్వాలి. ముఖ్యంగా మహిళా అధికారుల విషయంలో ఈ చేతి దూరం తప్పనిసరిగా పాటించాలి. శాలువా, పూలగుత్తి ఇచ్చినా అందరి తరఫునా ఒకటే ఇవ్వాలి.

చందాల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964లో, ఉద్యోగి గౌరవార్థం జరిపే సభల గురించి 14వ నియమం ఉంది. బదిలీకో, విరమణకో చేసే సాదాసీదా వీడ్కోలు విందుకు అందులో వెసులుబాటు ఉంది. అయినా దానికి డబ్బిమ్మని ఎవరినీ ఒత్తిడి చేయకూడదని, పై తరగతి అధికారి విందు కోసం కింది గ్రూపు ఉద్యోగుల దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ చందా వసూలు చేయకూడదని అక్కడే రాసి ఉంది. వెసులుబాటు ఇచ్చిన వీడ్కోలుకే ఇంత కట్టుదిట్టం అయితే, దాని జాబితాలోనే లేని పుట్టినరోజుకు జీతం తక్కువున్న అటెండరు దగ్గర రెండొందలు అడగడం ఎలా సబబవుతుంది? ప్రైవేటు ఆఫీసుల్లో ఈ నియమం వర్తించకపోయినా, అది కాపాడుతున్న మనిషి అక్కడా ఉంటాడు. ఇవ్వలేక ఇచ్చిన చందాతో కొన్న బహుమతి కంటే అందరూ సంతకాలు చేసిన ఒక కార్డు మేలు.

పంపే వేళ కూడా చూసుకోవాలి. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే పంపడం స్నేహితుల, ఇంటివాళ్ల హక్కు. అధికారికి పొద్దున ఎనిమిది తర్వాత, ఆఫీసు మొదలయ్యే లోపు పంపితే కుదురుగా ఉంటుంది. ‘థాంక్యూ’ అని జవాబు వస్తే అక్కడితో ఆగాలి. ‘పార్టీ ఎప్పుడు సార్’ అని దానికి తగిలిస్తే, అప్పటిదాకా జాగ్రత్తగా కూర్చిన మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు పీఠికలా కనిపిస్తాయి. జవాబే రాకపోతే, చూశారా లేదా అని నీలం టిక్కులు తడుముకోవద్దు, మళ్లీ పంపవద్దు. ఆ రోజు వారికి వందల సందేశాలు వస్తాయి.

మరిచిపోతే? రెండు మూడు రోజులు ఆలస్యమైనా పంపవచ్చు. కారణాల చిట్టా మాత్రం అక్కర్లేదు. ‘మేడమ్, సోమవారం మీ పుట్టినరోజని ఈరోజే తెలిసింది. ఆలస్యంగానైనా నా శుభాకాంక్షలు’ అని రాసి, ఆ కిందే చెప్పాలనుకున్న పని సంగతి ఒకటి చెబితే సరిపోతుంది. అప్పటికి మిగతా సందేశాల వరద తగ్గి ఉంటుంది కాబట్టి, దాన్ని ఆమె తీరిగ్గా చదివే అవకాశమే ఎక్కువ.